పతకం చూశారు.. పట్టిక చూశారా?
తొలి మారథాన్ పూర్తి చేసిన మిత్రుణ్ని అభినందించే తీరు

ధూళిమిట్ట: హైదరాబాద్‌లో మారథాన్ పూర్తి చేసి మెడలో పతకంతో ఊరికి వచ్చిన యువకునికి బస్సు దిగగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న 'ఎన్నో ప్లేసు వచ్చింది?' రెండోది 'పైసలేమన్న ఇచ్చిండ్రా?' మూడోది మాత్రం ప్రశ్న కాదు, తీర్పు. 'మస్తు సన్నగైనవ్‌రా, షుగర్ గిట్ల వచ్చిందా?' అని పెద్దవారు, 'పొట్ట పోయింది, ఇప్పుడు హీరో లెక్క ఉన్నవ్' అని స్నేహితులు అంటారు. అందరూ ప్రేమతో అన్న మాటలే. అయితే ఐదు నెలల పాటు ఆ మనిషి చేసిన పని గురించి వీటిలో ఒక్క మాటా లేదు.

దూరపు పరుగు ఇప్పుడు పట్టణాలకే పరిమితమైన అలవాటు కాదు. సిద్దిపేటలో రంగనాయకసాగర్ తీరాన హాఫ్ మారథాన్‌లు జరిగాయి. ధూళిమిట్ట, మద్దూరు, చేర్యాల ప్రాంతాల నుంచి పోలీసు, సైనిక ఉద్యోగాల కోసం తెల్లవారుజామున రోడ్డెక్కే యువకులు ఎప్పటి నుంచో ఉన్నారు. వారిలో ఎవరైనా ఒకరు, లేదా నలభై దాటిన ఉపాధ్యాయుడో రైతో, పూర్తి మారథాన్ ముగించి వస్తే ఆ మిత్రునికి ఏమని చెప్పాలన్నది ఇక్కడి విషయం. అలా చెప్పాలంటే ముందుగా అతడు చేసిందేమిటో తెలియాలి.

ఎంత దూరం పరిగెత్తాడు?

మన వైపు రెండు కిలోమీటర్ల అవగాహన పరుగును కూడా మారథాన్ అనే పిలుస్తారు. జెండా ఊపే ప్రతి కార్యక్రమానికీ అదే పేరు. నిజానికి మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు మాత్రమే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఈ దూరాన్నే 1921లో అంతర్జాతీయ సమాఖ్య ప్రామాణికంగా ఖరారు చేసింది. అందులో సగం, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు, హాఫ్ మారథాన్. పది, ఐదు కిలోమీటర్ల పరుగులు వేరు. మిత్రుడు ఏది పూర్తి చేశాడో అడిగి తెలుసుకోవడం తొలి మర్యాద. పది కిలోమీటర్లు పరిగెత్తిన వానిని 'మారథాన్ వీరుడు' అని ఫ్లెక్సీ మీద వేయిస్తే అతడు సిగ్గుపడతాడు. నలభై రెండు పరిగెత్తిన వానితో 'మా తమ్ముడు కూడా మొన్న స్కూల్లో మారథాన్ ఉరికిండు' అంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక 'ఎన్నో ప్లేసు' అన్న ప్రశ్న. వేలమంది పాల్గొనే పరుగులో బహుమతి కోసం పోటీ పడేవారు ముందువరుసలోని కొద్దిమంది మాత్రమే. మిగిలిన వారందరికీ పోటీ దూరంతోనే, నిర్ణీత గడువులోగా గీత దాటడంతోనే. పతకం కూడా పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ ఇస్తారు. కనుక ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబితే 'నాలుగు వందల ఎనభయ్యో' అనవలసి వస్తుంది. చెప్పిన వాడికి చిన్నతనం, విన్న వాడికి నిరుత్సాహం. అడగకపోవడమే మేలు.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు నెలాఖరులో జరుగుతుంది. తొలిసారి పూర్తి దూరానికి సిద్ధపడే వ్యక్తికి సాధారణంగా పదహారు నుంచి ఇరవై వారాల సాధన అవసరం. ఇరవై వారాలు వెనక్కు లెక్కిస్తే ఏప్రిల్ రెండో వారం వస్తుంది. అంటే మన జిల్లాలో ఎండ ముదిరే వేళకు సాధన మొదలవుతుంది. మే నెలలో సూర్యోదయం తర్వాత గంటన్నర పరిగెత్తడం మాటలు కాదు. కనుక నాలుగు గంటలకే లేవాలి. వీధిదీపాలు ఊరి పొలిమేర వరకే. బైరాన్‌పల్లి వైపు దారి పట్టినా, మద్దూరు వైపు పట్టినా చీకటిలో కుక్కలు వెంటపడతాయి, లారీల లైట్లు కళ్లలో కొడతాయి. యాసంగి కోతల కాలంలో రోడ్డుకు ఒకవైపంతా వడ్లు ఆరబోసి, కుప్పల అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. జూలై వచ్చేసరికి నాట్ల పని, దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల బురద, దాని మీద వాన. సేద్యం చేసుకునే వాడైతే ఉదయం పరుగు అయ్యాక రోజంతా పొలం పని ఎలాగూ తప్పదు.

ఈ సాధనలో కీలకమైనది వారానికొకసారి చేసే సుదీర్ఘ పరుగు. చాలామందికి అది ఆదివారం. మొదట పది పన్నెండు కిలోమీటర్లతో మొదలై, వారం వారం కొద్దిగా పెరుగుతూ, మధ్యలో ఒక్కో వారం తగ్గుతూ, పరుగు రోజుకు మూడు వారాల ముందు ముప్పై కిలోమీటర్ల దరిదాపుకు చేరుతుంది. అప్పటి నుంచి కావాలనే తగ్గిస్తారు. మిగతా రోజుల్లో మూడు నాలుగు చిన్న పరుగులు ఉంటాయి. వారానికి పాతికతో మొదలై యాభై దాటి, సగటున ముప్పై ఎనిమిది కిలోమీటర్లు అనుకుంటే ఇరవై వారాలకు ఏడు వందల యాభై పైగా అవుతుంది. ధూళిమిట్ట నుంచి తిరుపతికి కాలినడకన పోయినా అంత దూరం ఉండదు. పెళ్లిళ్ల కాలంలో శనివారం రాత్రి బారాత్ మధ్యలోనే లేచి ఇంటికి పోయినవాడు గర్వంతో పోలేదు. మర్నాడు నాలుగింటికి లేవాలి కనుక పోయాడు. ఆనాడు 'ఏందిరా, ఓవరాక్షన్' అన్నవారు ఈనాడు అభినందించదలిస్తే, ఆ శనివారం సంగతి గుర్తు చేసుకొని మొదలుపెట్టవచ్చు.

పట్టిక ఎలా చదవాలి?

పరుగులో ప్రతి ఒక్కరి నంబరు చీటీకి ఒక చిన్న ఎలక్ట్రానిక్ చిప్ అంటించి ఉంటుంది. దారిలో అక్కడక్కడా పరచిన చాపల వంటి పరికరాలను దాటినప్పుడల్లా సమయం నమోదవుతుంది. పరుగు ముగిశాక నంబరు నమోదు చేస్తే ఫలితాల పట్టిక వస్తుంది. అందులో మొత్తం సమయంతో పాటు పది, ఇరవై ఒకటి, ముప్పై కిలోమీటర్ల వద్ద పట్టిన సమయాలు కూడా సాధారణంగా కనిపిస్తాయి. మొత్తం సమయం రెండు రకాలు. తుపాకీ పేలినప్పటి నుంచి లెక్కించేది ఒకటి, మనిషి ఆరంభ గీత దాటినప్పటి నుంచి లెక్కించేది మరొకటి. గుంపులో వెనుక నిలబడిన వాడు గీత దాటే సరికే నాలుగైదు నిమిషాలు గడిచిపోతాయి. రెండోదే అతని నిజమైన సమయం. మిత్రుని గురించి నలుగురికి చెప్పేటప్పుడు అదే చెప్పాలి.

ఇక అసలు విషయం. ఉదాహరణకు ఇద్దరు మిత్రులు అనుకుందాం. ఇద్దరూ 5 గంటల 18 నిమిషాల్లో పూర్తి చేశారు. పతకాలు ఒకటే, సమయాలు ఒకటే. మొదటి వాని పట్టికలో పది కిలోమీటర్లకు 1 గంట 10 నిమిషాలు, సగం దూరానికి 2 గంటల 28, ముప్పైకి 3 గంటల 31 అని ఉంది. అంటే మొదటి నుంచి కిలోమీటరుకు ఏడు నిమిషాల చొప్పున నిలకడగా వచ్చి, చివరి పన్నెండు కిలోమీటర్లలో ఎనిమిది ముప్పావు నిమిషాలకు తగ్గాడు. రెండో వాడు పది కిలోమీటర్లను 58 నిమిషాల్లో, సగాన్ని 2 గంటల 8 నిమిషాల్లో, ముప్పైని 3 గంటల 10 నిమిషాల్లో దాటాడు. మొదటి వాని కంటే ఇరవై ఒక్క నిమిషాలు ముందున్నాడు. కాని చివరి పన్నెండు కిలోమీటర్లకు అతనికి 2 గంటల 8 నిమిషాలు పట్టింది. కిలోమీటరుకు పది నిమిషాల పైన, అంటే కొంత నడక, కొంత పరుగు.

ఈ రెండూ వేర్వేరు కష్టాలు. మొదటి వాని గొప్ప ఆరంభంలో ఉంది. తెల్లవారక ముందు నెక్లెస్ రోడ్డు మీద వందల మంది తనను దాటి పోతుంటే, కాళ్లలో బలం ఉండి కూడా ఆగడం తొలిసారి పరిగెత్తే వారికి చాలా కష్టం. రెండో వాడు ఆ పొరపాటు చేశాడు, దాని మూల్యం చెల్లించాడు. అయినా హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల ఎత్తుపల్లాల మీద, ఎండ ఎక్కుతుండగా, దాదాపు రెండు గంటలు ఆగిపోకుండా ముందుకు సాగాడు. మొదటి వానికి 'మొదటి పది కిలోమీటర్లు అంత నిదానంగా ఎట్ల ఆపుకున్నవ్?' అన్న ప్రశ్నే అభినందన. రెండో వానికి 'ముప్పై తర్వాత ఎట్ల నడిచినవో చెప్పు' అంటే చాలు, అరగంట చెబుతాడు. ఈ రచయిత దృష్టిలో రెండో వాని కథే వినదగినది. అయితే తదుపరి పరుగుకు నేర్చుకోవలసింది మొదటి వాని నుంచి.

ముప్పై కిలోమీటర్ల వద్ద ఏమవుతుంది?

కండరాల్లోనూ కాలేయంలోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. దాని నుంచి లభించే శక్తి సుమారు రెండు వేల కేలరీలు. పరుగులో ఒక కిలోమీటరుకు, శరీర బరువులో ఒక కిలోకు, ఇంచుమించు ఒక కేలరీ ఖర్చవుతుంది. డెబ్బై కిలోల మనిషికి నలభై రెండు కిలోమీటర్లకు మూడు వేల కేలరీల దాకా కావాలి. కొంత కొవ్వు నుంచి వస్తుంది గాని, వేగం పెరిగిన కొద్దీ శరీరం గ్లైకోజెన్‌నే ఎక్కువగా వాడుకుంటుంది. అందుకే తొందరపడిన వారికి ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో నిల్వ అడుగంటుతుంది. కాళ్లు ఇనుప గుండ్లవుతాయి, ఆలోచన మందగిస్తుంది. పరుగు చేసేవారు దీనినే 'గోడ' అంటారు. గోడ తగిలిందా అని అడిగిన మిత్రుణ్ని పరుగు పూర్తి చేసిన వాడు వెంటనే తనవాడిగా లెక్కిస్తాడు.

తూకం ఎందుకు అబద్ధం చెబుతుంది?

ఈ లెక్కలోనే మరో సంగతి ఉంది. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు ఏడు వేల ఏడు వందల కేలరీలు ఉంటాయి. అంటే మారథాన్ మొత్తానికి ఖర్చయిన శక్తి అంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా కరిగేది నాలుగు వందల గ్రాముల లోపే. గీత దాటిన వెంటనే తూచితే రెండు కిలోలు తగ్గినట్లు కనిపించవచ్చు. అది చెమట రూపంలో పోయిన నీరు. మర్నాడు, ఎల్లుండి కండరాలు వాచి నీరు చేరి, అదే తూకం పరుగుకు ముందు కంటే ఎక్కువ చూపినా ఆశ్చర్యం లేదు. సాధన కాలంలోనూ అంతే. అలవాటు పడిన శరీరం గ్లైకోజెన్‌ను ఎక్కువగా నిల్వ చేసుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. వేడిలో సాధన చేస్తే రక్తంలోని ద్రవభాగమూ పెరుగుతుంది. ఆకలి పెరిగి అన్నం ఎక్కువ తింటారు. కనుక ఐదు నెలలు క్రమం తప్పకుండా పరిగెత్తి, మునుపటి బరువుతోనే మారథాన్ ముగించే వారు ఎందరో ఉన్నారు. అలాంటి వానితో 'అంత ఉరికినా పొట్ట పోలేదేంది?' అనడం కంటే అన్యాయం ఉండదు.

సన్నబడినందుకు మెచ్చుకోవడంలో ప్రమాదమూ ఉంది. సాధన భారం పెరిగే వారాల్లోనే తిండి తగ్గిస్తే శరీరానికి పరుగుకు పోగా మిగిలే శక్తి చాలదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ఒక పేరు పెట్టి వైద్యుల దృష్టికి తెచ్చింది. క్రీడాకారులలో శక్తి లోటు అని దాని అర్థం. స్త్రీలలో నెలసరి క్రమం తప్పడం లేదా ఆగిపోవడం, పురుషులలో హార్మోన్లు తగ్గడం, తరచూ జలుబు, మానని అలసట, కాలి ఎముకల్లో సన్నని పగుళ్లు దీని గుర్తులు. 'ఇంక రెండు కిలోలు తగ్గితే సూపర్ ఉంటవ్' అన్న స్నేహితుని మాట విని రాత్రి అన్నం మానేసే వారుంటారు. అలాంటి వారి పాదం పైభాగాన ఒకే చోట, వేలితో నొక్కితే కలుక్కుమనే నొప్పి మొదలైతే అది బెణుకని తీసిపారేయరాదు. పరుగు ఆపి ఎముకల వైద్యునికి చూపించాలి.

స్త్రీల విషయంలో రూపం మీద మాట మరీ ఎక్కువ. 2017 ఆగస్టులో జయంతి సంపత్ కుమార్ అనే మహిళ తొమ్మిది గజాల చేనేత చీరలో హైదరాబాద్ మారథాన్‌ను ఐదు గంటల లోపు ముగించారు. చేనేతకు ప్రోత్సాహం కలగాలన్నది ఆమె ఉద్దేశం. గొల్లభామ చీర నేసిన సిద్దిపేట జిల్లా వారు దానిని హర్షించవలసిందే. వార్తలన్నీ చీర గురించే వచ్చాయి. కాని ఐదు గంటల లోపు అంటే కిలోమీటరుకు ఏడు నిమిషాల ఆరు సెకన్ల కంటే తక్కువ, అదీ నలభై రెండు సార్లు వరుసగా. చొక్కా, నిక్కరుతో పరిగెత్తే మగవారిలో ఎంతోమంది అందుకోలేని వేగమది. చీర ఆమె ఎంపిక, దాని గురించి ఆమెతో మాట్లాడవచ్చు. వేగం గురించి కూడా మాట్లాడితే మాట పూర్తవుతుంది.

ప్రయత్నాన్ని పొగడడానికీ హద్దుంది

మెచ్చుకోలు ఏ విధంగా ఉంటే ఏమవుతుందన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించిన విషయమే. అమెరికాలో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, తెలివిని పొగిడించుకున్న పిల్లలు తరువాత కష్టమైన చిక్కుప్రశ్న ఎదురైనప్పుడు త్వరగా వెనుకాడారని, కష్టపడ్డారని మెచ్చుకున్న పిల్లలు పట్టు విడవలేదని తేలింది. అది పిల్లల మీద, చిక్కుప్రశ్నలతో చేసిన పరీక్ష. పెద్దవారి పరుగుకు యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేము. అనుభవం మాత్రం అదే దిక్కున ఉంది.

అయినా ప్రయత్నం పేరు చెప్పి ప్రతిదాన్నీ పొగడరాదు. మోకాలు వాచినా, కుంటుతూ పదిహేను కిలోమీటర్లు లాగిన వానిని 'మొండివాడు, శభాష్' అంటే మరోసారి అదే చేస్తాడు. అక్కడ ఆగిపోవడమే తెలివి. ముప్పై రెండు కిలోమీటర్ల వద్ద ఆపి అంబులెన్సు ఎక్కిన వానికి పతకం రాదు, ఊరిలో శాలువా రాదు. కాని ఇరవై వారాల సాధన అతనిదీ అంతే ఉంటుంది. అతని ఇంటికి పోయి రావడం పతకం వచ్చిన వాని ఇంటికి పోవడం కంటే అవసరం.

మరొక మినహాయింపు. చక్కెర వ్యాధి ఉన్న మిత్రుడు వైద్యుని సలహా మీద రెండేళ్లు నడిచి, పరిగెత్తి, బరువు తగ్గి ఉండవచ్చు. ఆ బరువు సంగతి తానే ముందుగా చెబితే, సంతోషంగా వినాలి. తప్పించుకోవడం కృత్రిమం. 'మూడు నెలల షుగర్ పరీక్ష ఎంత వచ్చింది, పొద్దున ఎన్నింటికి లేచేవాడివి?' అని అడిగితే మాట రూపం మీది నుంచి పని మీదికి దానంతటదే మళ్లుతుంది.

ఫ్లెక్సీ, దావత్, శాలువా

మన ఊళ్లలో అభినందన అంటే కూడలిలో ఫ్లెక్సీ. అందులో ముఖం తెల్లగా మార్చి, నడుము సన్నగా చేసి, వెనుక పులి బొమ్మ పెడతారు. ఫ్లెక్సీ వద్దని ఎవరూ వినరు. పరుగు ముగింపులో చెమటతో, ఉప్పు చారలతో ఉన్న అసలు ఫొటోనే వేయించి, కింద '42.195 కి.మీ., 5 గం. 18 ని., సాధన 20 వారాలు' అని రాయిస్తే ఖర్చు పెరగదు.

శాలువా సన్మానం ఆ సాయంత్రమే పెట్టుకోవద్దు. మొదటి రెండు మూడు రోజులు మెట్లు దిగడమే నరకం. నల్లబడిన కాలి గోళ్లతో బూట్లు తొడగలేడు, వేదిక ఎక్కించి గంట నిలబెడితే అది సన్మానం కాదు. దావత్ కూడా రెండు రోజులు ఆగాలి. నీరు కోల్పోయిన శరీరానికి ఆ రోజు మద్యం పోయడం మంచిది కాదు. నొప్పి మాత్రలు కూడా వైద్యుడు చెప్పకుండా వేసుకోరాదు, మూత్రపిండాల మీద భారం పడుతుంది. అన్నం, పప్పు, గుడ్డు, ఉప్పు వేసిన మజ్జిగ చాలు. దాహానికి తగినంత తాగాలి గాని, 'తాగు తాగు' అని సీసాల కొద్దీ వట్టి నీళ్లు పట్టించినా ముప్పే. రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడడం కనిపించినా, మూత్రం కోలా రంగులో వచ్చినా, ఛాతీలో నొప్పి అన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ రోజు పక్కన ఉన్న మిత్రుడే ఈ గుర్తులను ముందుగా చూడగలడు.

సందేశం పంపదలిస్తే నాలుగు మాటలు చాలు. 'వడ్ల కుప్పల పక్కన నువ్వు ఉరుకుతుంటే రోజూ చూసిన. ఇరవై ఆదివారాలు తప్పలేదు. చివరి పన్నెండు కిలోమీటర్లు ఎట్ల పూర్తి చేసినవో వచ్చి వింట' అన్నంతలో అంతా ఉంది. 'మళ్లీ ఎప్పుడు?' అన్న ప్రశ్నను మాత్రం రెండు వారాలు వాయిదా వేయాలి. కాళ్లు కోలుకోక ముందు ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఏదైనా నమ్మదగినది కాదు.